త్రేన్పులు ఆపడం నేర్చుకుందాం – 3వ పాఠం: నోరు తెరిచి, పొట్టతో ఊపిరి

పోయిన పాఠంలో మూడు రోజులు త్రేన్పులు లెక్కపెట్టి రాయమన్నాను. ఆ కాగితం ముందు పెట్టుకోండి. రోజుకు పాతిక, ముప్పై దాకా ఉంటే మామూలే. తింటూ తాగుతూ మింగిన గాలే పొట్టలోంచి పైకి వస్తుంది. అలాకాక పది నిమిషాల్లో ఇరవై వచ్చి, నిద్రలో ఒక్కటీ లేక, మాటల్లో పడితే తగ్గిపోతుంటే అవి వేరే రకం. ఈ పాఠం వాటి గురించే.

ఈ రకంలో గాలి పొట్టదాకా వెళ్లదు. ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే ఊపిరి కండరం, డయాఫ్రమ్, గబుక్కున కిందికి దిగగానే ఛాతీలో పీడనం తగ్గుతుంది, గొంతు దగ్గర అన్నవాహిక తెరుచుకుని బయటి గాలిని లాగేసుకుంటుంది. వెంటనే పొట్ట కండరాలు బిగిసి ఆ గాలిని వెనక్కి తోసేస్తాయి. అంతా సుమారు ఒక సెకనులో అయిపోతుంది. చేసేది మనమే, కానీ చేస్తున్నట్టు మనకే తెలియదు. యాసిడ్ మాత్రలు ఎన్నాళ్లు వాడినా ఈ త్రేన్పులు తగ్గకపోవడానికి కారణం ఇదే. ఇక్కడ సమస్య గాలి లాగే అలవాటు.

డయాఫ్రమ్ నెమ్మదిగా కదులుతున్నంతసేపు ఆ కుదుపు ఇవ్వలేదు. మన పట్టు అక్కడే. వెనక్కి వాలి కూర్చోండి. ఒక చెయ్యి ఛాతీ మీద, ఒకటి బొడ్డు మీద పెట్టండి. నోరు కొద్దిగా తెరిచి, నాలుక కొసను పై పళ్ల వెనక ఆనించండి. నోరు తెరిచి ఉంటే గాలి మింగడం కష్టమవుతుంది. నాలుగు లెక్కపెడుతూ ముక్కుతో పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. పొట్ట మీది చెయ్యే లేవాలి. అయిదు నిమిషాలు, రోజుకు మూడుసార్లు.

నా దగ్గర నేర్చుకున్న ఒకావిడ మొదటిరోజే త్రేన్పులు పెరిగాయని ఫోన్ చేసింది. చేయించి చూస్తే, గట్టిగా పీల్చేస్తోంది, పైచెయ్యే లేస్తోంది. పడుకుని, పొట్ట మీద చిన్న పుస్తకం పెట్టి, అది లేచేంత మాత్రమే పీల్చమన్నాను. వారానికి వరస కుదిరింది. అప్పుడు అసలు పని మొదలుపెట్టాం. త్రేన్పుకు ముందు ఆమెకు గొంతులో ఏదో అడ్డుపడినట్టు ఉండేది. అది రాగానే నోరు తెరిచి పది ఊపిరులు. మొదట్లో సగంసార్లు మరిచిపోయేది, ఎక్కువగా టెన్షన్‌లో ఉన్నప్పుడు. అయినా నెలన్నరకు గంటకు అరవై ఉన్నవి పదికి దిగాయి.

అందరికీ ఇంత తగ్గదు. మింగడం కష్టమైనా, బరువు తగ్గుతున్నా, వాంతిలో రక్తం పడినా, మలం నల్లగా వచ్చినా సాధన పక్కనపెట్టి డాక్టర్ని కలవండి.

వచ్చే పాఠం, తిన్నది కాసేపటికే వికారం లేకుండా నోట్లోకి తిరిగొచ్చేవాళ్లకి. వాళ్లూ ఇదే ఊపిరి తీస్తారు, కాకపోతే భోజనం ముగిసిన వెంటనే. అందాకా ఈ వారం త్రేన్పుకు ముందు మీకేం అనిపిస్తుందో రాసిపెట్టుకోండి.