కంపెనీ పేరు మార్చే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

కంపెనీల రిజిస్ట్రార్ కొత్త పేరుకు ఆమోదం తెలిపితే ఆ పేరు ఇక తమదేనని చాలామంది యజమానులు నమ్ముతారు. ఆ ఆమోదం ట్రేడ్‌మార్క్ వివాదం నుంచి కాపాడదు. అదే పేరును తమ సరుకు మీద ముందు నుంచీ వాడుతున్నవారు ఆ తర్వాత కూడా అభ్యంతరం చెప్పవచ్చు. అందుకే దరఖాస్తు కంటే ముందు, పేరు వెతికే పని మీదే ఎక్కువ సమయం పెట్టాలి.

ఊహించిన ఉదాహరణ ఒకటి తీసుకుందాం. పచ్చళ్ళు, పొడులు అమ్మే ఒక ప్రైవేటు కంపెనీ తన పేరును ‘తొలకరి ఫుడ్స్’గా మార్చుకోవాలనుకుంది. తెలుగులో ఈ మాటను ఒకేలా రాస్తాం. ఇంగ్లిష్ అక్షరాల్లో మాత్రం Tolakari, Tholakari, Tolakary అని ఎవరికి తోచినట్లు వారు రాస్తారు. ఒక్క స్పెల్లింగుతో వెతికి, ఏమీ దొరకలేదని ఊరుకుంటే మిగిలినవి కంటపడవు. నిబంధనల ప్రకారం స్పెల్లింగులోని చిన్న తేడా, ఏకవచన బహువచనాల తేడా, మాటల వరుస మార్పు, వెనుక తగిలించిన ఊరి పేరు లేదా అంకె వంటివి పేరును వేరు చేయవు. ‘తొలకరి ఫుడ్స్ విజయవాడ’ అని పెట్టినంత మాత్రాన గండం గడవదు.

కంపెనీ పేర్లను కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో చూడాలి. ట్రేడ్‌మార్కులను ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో ఉచితంగా వెతకవచ్చు. అక్కడ మాటను బట్టి వెతికే పద్ధతితో పాటు, ఉచ్చారణను బట్టి వెతికే పద్ధతీ ఉంది. తెలుగు పేర్లకు రెండోదే ఎక్కువ అక్కరకొస్తుంది. సరుకులు, సేవలు మొత్తం 45 తరగతులుగా ఉంటాయి. పచ్చళ్ళు 29లో, కారం పొడులు, మసాలాలు 30లో, హోటల్ సేవ 43లో వస్తాయి. పచ్చళ్ళ కంపెనీ 29 ఒక్కటే చూసి ఆగకూడదు. రిజిస్టర్ చేయించుకోకపోయినా ఎన్నో ఏళ్ళుగా వాడుతున్న పేరుకు కూడా చట్టంలో రక్షణ ఉంది కాబట్టి కిరాణా దుకాణాల్లోనూ, ఆన్‌లైన్ అమ్మకాల సైట్లలోనూ విచారించడం తప్పనిసరి అని నా అభిప్రాయం.

ఈ పని వదిలేస్తే ఏమవుతుంది? కంపెనీల చట్టంలోని 16వ సెక్షన్ ప్రకారం, రిజిస్టరైన ట్రేడ్‌మార్క్ యజమాని కంపెనీ పేరు మారిన మూడేళ్ళలోపు ప్రాంతీయ డైరెక్టర్‌కు ఫిర్యాదు చేయవచ్చు. పేరు మార్చమని ఆదేశం వస్తే గడువు మూడు నెలలు. అప్పటికీ మార్చకపోతే ప్రభుత్వమే ఒక పేరు పెడుతుంది. ORDNC అనే అక్షరాలు, ఆదేశం వచ్చిన సంవత్సరం, ఒక వరుస సంఖ్య, కంపెనీ గుర్తింపు సంఖ్య కలిసి ఆ పేరవుతాయి. అటువంటి పేరుతో ఏ బ్యాంకు ముందుకు వెళ్ళినా ఎంత ఇబ్బందో చెప్పనక్కరలేదు. ట్రేడ్‌మార్క్ ఉల్లంఘన దావా దీనికి వేరు.

దరఖాస్తుకు ముందు వార్షిక రిటర్నులు, ఆర్థిక నివేదికలు అన్నీ దాఖలయ్యాయో లేదో చూసుకోండి. అవి బాకీ ఉన్న కంపెనీకి పేరు మార్పు కుదరదు. బోర్డు తీర్మానం తర్వాత ఆ శాఖ పోర్టల్‌లో పేరు కేటాయించే RUN సేవ ద్వారా రెండు పేర్ల వరకు ప్రతిపాదించవచ్చు. రుసుము 1,000 రూపాయలు. ఆమోదించిన పేరును 60 రోజులే మనకోసం ఉంచుతారు. ఇక్కడే చాలామంది చిక్కుకుంటారు. వాటాదారుల సమావేశానికి సాధారణంగా 21 రోజుల స్పష్టమైన నోటీసు ఇవ్వాలి కనుక గడువులో మూడో వంతుకు పైగా దానికే పోతుంది. అందువల్ల పేరు ఆమోదం వచ్చిన వెంటనే నోటీసు పంపడం మేలు. ఆ సమావేశంలో ప్రత్యేక తీర్మానం నెగ్గాలి, అంటే వ్యతిరేక ఓట్లకు కనీసం మూడు రెట్లు అనుకూల ఓట్లు పడాలి. తర్వాత MGT-14 ఫారంలో తీర్మానాన్ని దాఖలు చేసి, INC-24 ఫారంలో పేరు మార్పుకు ఆమోదం కోరాలి. MGT-14కు చట్టం 30 రోజులిచ్చినా, పేరు గడువును తలచుకుని ఆ వారంలోనే పూర్తి చేయండి.

కొత్త ఇన్‌కార్పొరేషన్ సర్టిఫికెట్ చేతికి వచ్చినప్పుడే పేరు మార్పు అమల్లోకి వస్తుంది. అంతవరకు లేబుళ్ళు, సీసాల మూతలు, పెట్టెలు అచ్చుకు ఇవ్వకండి. పాత పేరుతోనే బిల్లులు వేయండి. సర్టిఫికెట్ వచ్చాక 15 రోజుల్లో జీఎస్టీ రిజిస్ట్రేషన్ సవరణకు దరఖాస్తు చేయాలి. పాన్‌లో పేరు మారుతుంది, నంబరు మారదు. ఆహార లైసెన్సు, బ్యాంకు ఖాతా, పాత పేరు మీదున్న ట్రేడ్‌మార్కులను కూడా మార్పించాలి. రెండేళ్ళ పాటు బోర్డు మీద, లెటర్‌హెడ్ల మీద కొత్త పేరుతో పాటు పాత పేరు కూడా ఉండాలి.