రిట్రాక్ట్ అయిన పేపర్‌ని ఉదహరించిన వ్యాసాలు వాడే ముందు జాగ్రత్తలు

- ముందు రిట్రాక్షన్ నోటీసు పూర్తిగా చదవండి. రిట్రాక్షన్ అంటే ఆ ఫలితాన్ని ఇక నమ్మలేమని జర్నల్ చెప్పడం. అంతమాత్రాన మోసం జరిగిందని కాదు. ఆహారంపై స్పెయిన్‌లో జరిగిన ప్రెడిమెడ్ పేపర్‌ని 2018లో వెనక్కి తీసుకున్నది రాండమైజేషన్ లోపాల వల్ల, అంటే ఎవరు ఏ గుంపులో ఉండాలో యాదృచ్ఛికంగా పంచడంలో వచ్చిన తప్పుల వల్ల. లెక్కలు మళ్లీ వేసి, అదే జర్నల్‌లో తిరిగి ప్రచురించారు.

- మీ కంప్యూటర్లో ఎప్పుడో దాచుకున్న పీడీఎఫ్‌ని నమ్మొద్దు, అందులో రిట్రాక్ట్ అయిందన్న ముద్ర ఉండదు. వైద్య పరిశోధనల సూచిక అయిన పబ్‌మెడ్‌లో మళ్లీ వెతికి చూడండి.

- ఉదహరించిన వ్యాసంలో ఆ రిట్రాక్ట్ అయిన పేపర్ పాత్ర ఏమిటో చూడండి. ముందుమాటలో ఒక వాక్యానికే వాడితే పెద్ద నష్టం లేదు. దాని అంకెలు మెటా అనాలిసిస్‌లో, అంటే చాలా పరిశోధనల ఫలితాలను కలిపి వేసే లెక్కలో కలిపేస్తేనే అసలు చిక్కు.

జర్మనీ మత్తు వైద్యుడు యోఆఖిమ్ బోల్ట్ ఉదంతమే తీసుకోండి. ఆయన పరిశోధనలు చాలా రిట్రాక్ట్ అయ్యాయి. హైడ్రాక్సీఇథైల్ స్టార్చ్ అనే సెలైన్ లాంటి ద్రవంపై 2013లో ఒక మెటా అనాలిసిస్ వచ్చింది. 10,880 మంది రోగుల లెక్కలో, ఇతర ద్రవాలతో పోలిస్తే మరణాల రిస్క్ నిష్పత్తి 1.07, అసలు విలువ ఉండగల అవధి 1.00 నుంచి 1.14. నిష్పత్తి 1 అంటే తేడా లేదని, అవధి అక్కడిదాకా వచ్చింది కాబట్టి హాని ఉందని గట్టిగా చెప్పలేం. అందులోని బోల్ట్ ట్రయల్స్ ఏడూ తీసేస్తే లెక్కలోంచి తగ్గింది 590 మందే. కానీ నిష్పత్తి 1.09కి, అవధి 1.02–1.17కి మారింది. ఇప్పుడు హాని స్పష్టం!

- కాబట్టి ఒక్కో పరిశోధన ఫలితాన్ని ఒక్కో వరుసగా చూపే ఫారెస్ట్ ప్లాట్‌ పటంలో రిట్రాక్ట్ అయిన పేపర్ వరుస కొట్టేసి, లెక్క మళ్లీ వేయండి. ఫలితం నిలిస్తే ఆ సంగతి రాసి వాడుకోండి, మారితే పాత ముగింపుని వదిలేయండి. అదే రచయిత మిగతా ట్రయల్స్ రిట్రాక్ట్ కాకపోయినా, వాటిని తీసేసి కూడా ఒకసారి చూడడం మంచిది.