ఇల్లు ఖాళీ చేశాక కూడా అద్దె కట్ అవుతోందా?

సమస్య: తాళాలు ఇచ్చేశారు, ప్రతి నెలా అద్దె దానంతటదే కట్టే యాప్‌ని కూడా ఫోన్‌లోంచి తీసేశారు. అయినా ఒకటో తేదీన ఖాతాలోంచి అద్దె వెళ్లిపోయింది.

నాకు సరిగ్గా ఇలాగే జరిగింది. 30న తాళాలు అప్పగించాను, ఆ సాయంత్రమే యాప్ తీసేశాను. 1న పొద్దున్నే డబ్బు కట్ అయినట్టు మెసేజ్ వచ్చింది. కొత్త ఇంటి అద్దె కూడా అదే ఖాతాలోంచి కట్టాలి. ఆ రెండు రోజులు పడ్డ టెన్షన్ ఇంకా గుర్తుంది.

కారణం: ప్రతి నెలా డబ్బు పంపమన్న ఆదేశం మీ ఫోన్‌లో ఉండదు. అది యాప్ సంస్థ సర్వర్లోనో, మీ బ్యాంకులోనో, కార్డు మీదో నమోదై ఉంటుంది. యాప్ తీసేస్తే ఆ ఆదేశాన్ని మీరు చూడలేరు, అంతే. అది తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది. కొత్త కార్డు వచ్చింది కదా, పాతది పనిచేయదులే అనుకోవడం కూడా పొరపాటే. కొన్ని కార్డుల విషయంలో కొత్త నంబరు డబ్బు తీసుకునే సంస్థకు దానంతటదే చేరిపోతుంది.

పరిష్కారం: ముందు ఆదేశం ఎక్కడుందో కనిపెట్టాలి. పోయిన నెల అద్దె కట్ అయిన ఎంట్రీని బ్యాంక్ స్టేట్‌మెంట్‌లో తెరవండి. స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ అనో షెడ్యూల్డ్ ట్రాన్స్‌ఫర్ అనో ఉంటే, డబ్బు పంపుతున్నది మీ బ్యాంకే; రద్దు చేయాల్సింది అక్కడ. యాప్ పేరో, అద్దె తీసుకునే సంస్థ పేరో ఉంటే, మీరిచ్చిన అనుమతితో వాళ్లే తీసుకుంటున్నారు. అప్పుడు యాప్‌లో ఆటో పే రద్దు చేసి, ఆ అనుమతి బ్యాంకులో కూడా మిగిలి ఉందేమో చూసి, ఉంటే తీసేయాలి. నేను మొదట యాప్‌లో మాత్రమే రద్దు చేసి ఊరుకున్నాను; బ్యాంకులో అది ఇంకా యాక్టివ్ అనే చూపించింది.

`Pause` నొక్కకండి, అది కొన్నాళ్లకు మళ్లీ మొదలుకావచ్చు. `Cancel` నొక్కాక తర్వాతి చెల్లింపు తేదీ మాయమైందో లేదో చూడండి. తేదీ ఇంకా కనిపిస్తుంటే రద్దు కాలేదన్నమాట. `Processing` అని ఉంటే ఈ నెల డబ్బు అప్పటికే బయల్దేరినట్టే, చాలాసార్లు ఇక ఆపలేరు. అందుకే గడువుకు వారం ముందే ఈ పని చేయడం మంచిది. రద్దయినట్టు వచ్చిన మెసేజ్‌ని, రిఫరెన్స్ నంబరుతో సహా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

ఒక్కటి మాత్రం చేయకండి: ఖాతా ఖాళీగా ఉంచి చెల్లింపు ఫెయిలయ్యేలా చూడటం. బ్యాంకు చార్జీ పడొచ్చు, ఓనర్ దృష్టిలో మీరు అద్దె ఎగ్గొట్టినవాళ్లవుతారు.

రద్దు చేసిన సంగతి ఓనర్‌కు రాతపూర్వకంగా కూడా చెప్పాలి. ఎందుకు? ఆటో పే ఆపడం వేరు, అద్దె ఒప్పందం ముగియడం వేరు. ఒప్పందంలో నోటీసు గడువు ఉంటే అది పూర్తయ్యేదాకా అద్దె బాకీ మీదే. చెప్పకుండా ఆపితే బాకీ పెట్టి వెళ్లారన్న మాట వస్తుంది. అందుకని తాళాలిచ్చిన రోజే, ఒప్పందంలో రాసిన పద్ధతిలోనో, ఏమీ లేకపోతే ఈమెయిల్‌లోనో ఇలా రాయండి:

> నమస్కారం అండీ. ఈ నెల 30న ఇల్లు ఖాళీ చేసి తాళాలు మీకు అప్పగించాను. 30 వరకూ అద్దె చెల్లించేశాను. యాప్‌లో పెట్టిన నెలవారీ చెల్లింపును రద్దు చేశాను. దాని స్క్రీన్‌షాట్ జత చేస్తున్నాను. ఇకమీదట పొరపాటున ఏదైనా మొత్తం మీకు చేరితే దయచేసి వెనక్కి పంపండి. డిపాజిట్ లెక్క విడిగా మాట్లాడుకుందాం. తాళాలు, ఈ మెయిల్ అందినట్టు ఒక్క మాట జవాబు రాయగలరు.

డిపాజిట్ గురించిన వాక్యం వదలకండి. పొరపాటున వెళ్లిన అద్దెను డిపాజిట్ లెక్కలో కలిపేస్తే ఏది ఎంతో తేలదు. ఫోన్‌లో మాట్లాడినా సరే, ఆ తర్వాత అదే విషయం మెయిల్‌లో పెట్టండి.

ఇప్పటికే డబ్బు వెళ్లిపోతే: మరుసటి నెల కట్ కాకుండా ముందు రద్దు చేయండి. తర్వాత తేదీ, మొత్తం, లావాదేవీ నంబరు రాసి ఓనర్‌ను తిరిగి అడగండి. మీ బ్యాంకే పంపిన డబ్బయితే, అందుకున్నవాళ్లు ఒప్పుకుంటే తప్ప వెనక్కి రావడం కష్టం. రద్దు చేశాక కూడా అవతలివాళ్లే తీసుకుని ఉంటే, రద్దు రుజువుతో బ్యాంకులో ఫిర్యాదు చేయవచ్చు. దానికి గడువు ఉంటుంది, ఆలస్యం చేయకండి. నా విషయంలో ఓనర్ నాలుగో రోజు పంపేశారు. తాళాలు 30నే అందాయని ఆయన స్వయంగా రాసిన జవాబు మెయిల్‌లో ఉంది కాబట్టి వాదన లేకుండా పోయింది.