నగల షాపు పాంప్లెట్‌లో ఏ మాట తెలుగులో ఉండాలి, ఏ మాట ఇంగ్లిష్‌లో: ఎలా తేల్చుకోవాలి?

చిన్న ఊళ్ల షాపులకు నేను చాలా ఏళ్లుగా పాంప్లెట్లు, ఫ్లెక్సీలు, ఆటో ప్రచారం రాస్తున్నాను. ఎక్కువగా చెడిపోతూ చూసింది నగల షాపు పాంప్లెట్. అందుకే దాన్నే తీసుకుని చెబుతాను. ఇది కుదిరితే బట్టల షాపుకు రాయడం తేలికే.

కావలసింది ఒక నోటుబుక్కు, కౌంటర్ పక్కన ఒక కుర్చీ, రెండు రోజుల టైము. ఆ రెండు రోజుల్లో ఒకటి పెళ్లిళ్ల సీజన్‌లో రద్దీగా ఉండే రోజైతే మంచిది.

1. ముందు వినండి

కొనేవాళ్లు నోటితో అన్న మాటను అన్నట్టే రాసుకోండి. సేల్స్‌మన్ మాటలు రాయొద్దు, అవి కంపెనీ నేర్పినవి. సాయంత్రానికి మీ పుస్తకంలో దాదాపు ఇలా ఉంటుంది: తరుగు, మజూరీ, గొలుసు, నల్లపూసలు, పాత బంగారం. వాటి పక్కనే హాల్‌మార్క్, స్కీము, నైన్ వన్ సిక్స్, మోడల్, బిల్లు. మీకు కావలసిన భాష ఇదే. అందులో ఏది తెలుగు, ఏది ఇంగ్లిష్ అని విడదీయకండి. హాల్‌మార్క్‌ను ‘స్వచ్ఛత ముద్ర’ చేస్తే దాని కోసం అడిగేవాళ్లుండరు. తరుగును ‘వేస్టేజ్’ చేస్తే అడగవలసిన పెద్దావిడ అడగకుండా ఊరుకుంటుంది. నగ మీద 22K916 అని కొట్టి ఉంటుంది కాబట్టి పాంప్లెట్ మీదా అలాగే వేయండి. కళ్లతో సరిపోల్చుకునేదాన్ని అనువదించకూడదు.

2. క్రియ తెలుగులోనే

పేర్లు ఏ భాషలో ఉన్నా ఫరవాలేదు గానీ వాక్యం చివరి క్రియ తెలుగులోనే ఉండాలి. ‘కొత్త కలెక్షన్ ఎక్స్‌ప్లోర్ చేయండి’, ‘ఆఫర్ అవైల్ చేసుకోండి’ అనే వాక్యాలు తణుకులోనైనా జగిత్యాలలోనైనా ఎవరి నోటా నేను వినలేదు. ‘కొత్త మోడల్స్ వచ్చాయి, చూడండి’ చాలు. బుక్ చేయడం, ఫోన్ చేయడం లాంటివి ఇంట్లో కూడా వాడతాం కాబట్టి అవి ఉండొచ్చు.

ఇంకోటి, ‘నువ్వు’ వద్దు. ఇంగ్లిష్‌లో రాసిన ప్రకటనను తెలుగు చేసేటప్పుడు కుర్రకారు కోసమని ‘నీ స్టైల్, నీ ఇష్టం’ అని వేస్తుంటారు. ఆ కాగితం ఇంట్లో నలుగురి చేతుల్లో తిరుగుతుంది, బంగారం కొనే నిర్ణయం పెద్దవాళ్లది. ‘మీరు’, ‘రండి’ తప్ప వేరే మాట వాడొద్దు.

3. ఆఫర్ వాక్యం (ఇక్కడే తొందరపడకండి)

మిగతావన్నీ కాస్త అటూఇటూ అయినా షాపు బతుకుతుంది. ఇది తప్పితే కౌంటర్ దగ్గర గొడవ ఖాయం.

ఒకసారి నేను రాయని పాంప్లెట్ ఒకటి పంచాక ఆ షాపులో కూర్చున్నాను. నగరం నుంచి వచ్చిన ఇంగ్లిష్ ప్రకటనను మక్కికి మక్కి దించి ‘విలువ జోడింపుపై 50% వరకు తగ్గింపు పొందండి’ అని అచ్చేశారు. ఒక పెద్దావిడ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జాకెట్టులోంచి తీసి, ‘బంగారం సగం ధరకే ఇస్తన్నారంట గదా బాబూ’ అంది. అది కాదని చెప్పడానికి మేనేజరుకు చాలాసేపు పట్టింది. ఆవిడ కొనకుండానే వెళ్లిపోయింది. తప్పు ఆవిడది కాదు. ఆ వాక్యంలో ఆవిడకు తెలిసిన మాటలు రెండే: యాభై, తగ్గింపు.

విలువ జోడింపు అంటే ఇంగ్లిష్‌లో వాల్యూ అడిషన్, బిల్లులో వీఏ శాతం అని కనిపించేది. దాన్నే జనం తరుగు అంటారు. దాన్ని శాతాల్లో కాక గ్రాముల్లో తూచి చూసుకుంటారు. కాబట్టి లెక్క వేసి చూపండి. తరుగు 14 శాతం ఉన్న గొలుసు పది గ్రాములైతే తరుగు 1.4 గ్రాములు. సగం తీసేస్తే 0.7 గ్రాములు. ఇక వాక్యం ఇలా ఉంటుంది: ‘తరుగులో సగమే తీసుకుంటాం. పది గ్రాముల గొలుసుకు 1.4 గ్రాములు పడే తరుగు, ఈ నెలంతా 0.7 గ్రాములే.’ ఇందులో అర్థంకాని మాట ఒక్కటీ లేదు, సగం ధర అనుకునే వీలూ లేదు.

‘వరకు’ అన్న మాటతో ఇంకా జాగ్రత్త. సగం తగ్గింపు కొన్ని నగలకే ఉంటే ఆ నగల పేర్లు రాయండి. చిన్న అక్షరాల్లో ‘షరతులు వర్తిస్తాయి’ అని వేసి తప్పించుకోవచ్చు అనుకోవద్దు. చిన్న ఊళ్లో ఒక్కరు మోసపోయామనుకుంటే ఆ మాట వారం తిరక్కుండా సంత దాకా పోతుంది.

తరవాత తూకం. గోదావరి జిల్లాల్లో జనం కాసుల్లో లెక్కపెడతారు, కాసు అంటే ఎనిమిది గ్రాములు. తెలంగాణలో తులం, ఇప్పటి వ్యాపార లెక్కలో పది గ్రాములు. అలాగని పాంప్లెట్ మీద ‘5 తులాలు కొంటే’ అని రాయకూడదు. లీగల్ మెట్రాలజీ చట్టం, 2009 ప్రకారం ప్రకటనల్లో తూకం మెట్రిక్ కొలతల్లోనే ఉండాలి. నేను చేసేది ఒకటే: గ్రాముల్లోనే రాస్తాను, అంకెను మాత్రం ఆ ఊరి లెక్కకు సరిపోయేట్టు ఎంచుకుంటాను. తణుకు పాంప్లెట్‌లో ‘40 గ్రాములు కొంటే’, జగిత్యాల పాంప్లెట్‌లో ‘50 గ్రాములు కొంటే’. చదివేవాళ్లు ఒకచోట ఐదు కాసులనీ, ఇంకోచోట ఐదు తులాలనీ వాళ్లే అనుకుంటారు. రెండు ఊళ్లకూ ఒకే పాంప్లెట్ వేసి అచ్చు ఖర్చు మిగిలిందనుకునే యజమానులు ఈ లాభం పోగొట్టుకుంటున్నారు.

4. యాస

యాసను కాగితం మీద రాయకండి. బయటివాడు రాసిన యాస సినిమా కామెడీలా ఉంటుంది, ఊరివాళ్లకు ఒళ్లు మండుతుంది. వస్తువుల పేర్లు మాత్రం ఆ ఊరివి పెట్టండి. నేను తిరిగినచోట్ల కోస్తాలో దుద్దులన్నవే తెలంగాణలో కమ్మలు. ఆటో ప్రచారానికైతే ఆ ఊరి గొంతునే పెట్టి, పాయింట్లు చెప్పి, మాటలు అతనికే వదిలేయండి. అతను ‘అండి’ అంటాడో ‘అక్కా’ అంటాడో అతనికే తెలుసు.

వాట్సాప్‌కు పంపేది కూడా తెలుగు లిపిలోనే ఉండాలి. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాస్తే తొందరగా అవుతుంది, నిజమే. కానీ kallu అని కొడితే కళ్లూ, కాళ్లూ, కల్లూ ఒకటే. కాళ్ల పట్టీల ఆఫర్‌ను అలా పంపకండి.

5. ప్రూఫు

చాలా డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ పాత అను ఫాంట్లే, ఫోన్‌లో కొట్టిన తెలుగు వాటిలో నేరుగా పడదు. మీరు ఫోన్‌లో పంపిన మేటర్‌ను వాళ్లు మళ్లీ టైపు చేస్తారు, ఇంగ్లిష్ మాటలు అక్కడే దెబ్బతింటాయి. ‘హాల్‌మార్క్’ లో ల, మ కలిసిపోయి ‘హాల్మార్క్’ అవుతుంది, ఒక్కోసారి దశాంశ చుక్క కూడా ఎగిరిపోతుంది. 0.7 కాస్తా 07 అయితే ఆఫర్ మొత్తం తారుమారు. అందుకే ప్రూఫును తెరమీద చూసి సరే అనొద్దు. కాగితం మీద తీయించి, షాపులో టీ ఇచ్చే అబ్బాయికో, ఊడ్చే ఆవిడకో ఇచ్చి పైకి చదవమనండి. ఎక్కడ ఆగారో అక్కడ పెన్నుతో గీత పెట్టి, ఆ మాట మార్చి, ఇంకో ప్రూఫు తీయించండి.