క్లిక్కులు వెయ్యి, ఆర్డర్లు సున్నా: ప్రకటన లక్ష్యం ఎక్కడ తప్పింది?

తిరుపతిలో చిన్న దుకాణాలకు ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనలు చూసిపెట్టడం నా పని. కొత్తగా మొదలుపెట్టినవారు ఎక్కువగా తెచ్చే సమస్య ఒకటే: డబ్బు ఖర్చయింది, అంకెలు బాగున్నాయి, అమ్మకం మాత్రం లేదు. శ్రీకాళహస్తి కలంకారీ దుపట్టాలు అమ్మే ఒక అక్క విషయంలో ఇదే జరిగింది. ఆమె ఖాతాలో ఏం చూశామో, ఏం మార్చామో వరుసగా చెబుతాను.

లక్షణం

రోజుకు 500 రూపాయల చొప్పున ఆరు రోజులు ప్రకటన నడిచింది. మొత్తం 3,000 రూపాయలకు 1,240 క్లిక్కులు వచ్చాయి. ఒక్కో ఫలితం ఖర్చు రెండున్నర రూపాయల లోపే. వాట్సాప్‌కు వచ్చిన సందేశాలు నాలుగు, ఆర్డర్లు సున్నా.

"వెయ్యి మందికి పైగా వచ్చి చూశారు కదా నాయనా, ఒక్కరికీ నచ్చలేదా? ధర తగ్గించమంటావా?" అని అడిగింది. దుపట్టా ధర 2,800. కరక్కాయ, పాలు పట్టించిన బట్ట మీద కలంతో చేత్తో గీసిన బొమ్మ అది. ధర తగ్గిస్తే గీసినవారి కూలి తగ్గించాల్సి వస్తుంది. అందుకే ముందు ఆ వెయ్యి మంది ఎవరో చూద్దాం, ధర సంగతి తర్వాత ఆలోచిద్దాం అన్నాను.

కారణం ఎలా పట్టుకోవాలి

ప్రకటనలు పెట్టి, వాటి లెక్కలు చూసుకునే Ads Managerలో Results అనే నిలువు వరుసను ఒక్కదాన్నే చూసి మోసపోకండి. మీరు ఏ ఫలితం కోరితే ఆ వరుస దాన్నే లెక్కపెడుతుంది. ఆమె ఎంచుకున్న లక్ష్యం Traffic, దాని కింద Performance goal వద్ద ఉన్నది Maximize number of link clicks. కాబట్టి అక్కడ కనిపించిన 1,240 అంటే లింకు మీద వేలు పడిన సార్లు, అంతే. దుపట్టాలు చూసిన మనుషుల లెక్క కాదు.

పక్కనే, లింకు నొక్కాక పేజీ నిజంగా తెరుచుకున్న సార్లను లెక్కించే Landing page views అనే వరుసను తెచ్చి పెట్టాం. అందులో 390 ఉంది. అంటే నొక్కిన మూడు సార్లలో రెండు సార్లు పేజీ పూర్తిగా తెరుచుకోకముందే వెళ్లిపోయారు. తర్వాత Breakdown తెరిచి Placement ప్రకారం, అంటే ప్రకటన కనిపించిన చోటును బట్టి విడదీశాం. 820 క్లిక్కులు Audience Network నుంచి వచ్చాయి. ఇవి ఫేస్‌బుక్‌లోనో ఇన్‌స్టాగ్రామ్‌లోనో కాక, బయటి ఆటల యాప్‌ల వంటి చోట్ల కనిపించే ప్రకటనలు. ఆట మధ్యలో ప్రకటనను మూసేయబోయి పొరపాటున నొక్కడం అక్కడ చాలా మామూలు.

ఇందులో వ్యవస్థ తప్పు లేదు. తక్కువ ఖర్చులో ఎక్కువ క్లిక్కులు తెమ్మని మనమే చెప్పాం. ఎవరు దేన్నైనా ఇట్టే నొక్కుతారో దానికి తెలుసు, అలాంటివారి ముందే ప్రకటనను పెట్టింది. కొనే అలవాటు ఉన్నవారిని వెతకమని మనం అడగలేదు.

పరిష్కారం

మొదట తెలుసుకోవలసింది: ప్రచురించిన ప్రచారానికి లక్ష్యాన్ని మార్చడం కుదరదు. పాతదాన్ని ఆపి, కొత్తది తయారు చేయాలి. బొమ్మలు, మాటలు పాతవే వాడుకోవచ్చు.

ఇక ఏ లక్ష్యం ఎంచుకోవాలి? అమ్మకమే కావాలి కాబట్టి Sales ఎంచుకుని, వెబ్‌సైటులో కొనుగోలును కోరడం సరైనదిగా కనిపిస్తుంది. కానీ ఇక్కడ కొత్తవారు చూసుకోని ఒక పరిమితి ఉంది. ఎవరికి చూపిస్తే పని జరుగుతుందో నేర్చుకోవడానికి వ్యవస్థకు ఒక్కో యాడ్ సెట్‌లో వారానికి సుమారు 50 ఫలితాలు కావాలి. అంతకు చాలా తక్కువ వస్తే Learning limited అని చూపిస్తుంది, ఫలితాలు నిలకడగా ఉండవు. ఈ అక్క దగ్గర గీసేవారు ఇద్దరు. వారానికి 50 దుపట్టాలు అమ్ముడుపోయినా గీసి ఇవ్వలేరు. పైగా ఆమె వెబ్‌సైటులో డబ్బు కట్టే ఏర్పాటే లేదు, బేరమంతా వాట్సాప్‌లోనే ముగుస్తుంది.

కాబట్టి డబ్బుకు దగ్గరగా ఉండి, వారానికి 50 సార్లయినా జరిగే పని ఏమిటని వెతికాం. వాట్సాప్‌లో మొదలయ్యే సంభాషణ దానికి సరిపోయింది. Engagement లక్ష్యం తీసుకుని, ఫలితం జరిగే చోటుగా వాట్సాప్‌ను ఎంచుకుని, Performance goal వద్ద Maximize number of conversations పెట్టాం. ఈ చివరి వరుసను తప్పకుండా చూడండి. లక్ష్యం సరిగా ఎంచుకుని ఇక్కడ లింకు క్లిక్కులే వదిలేస్తే పాత కథే మళ్లీ జరుగుతుంది.

పది రోజులు, అదే రోజుకు 500. ఈసారి ప్రకటన మీద కనిపించిన అంకె పెద్దగా ఆకట్టుకోదు: 118 సంభాషణలు, ఒక్కోదానికి 42 రూపాయలు. రెండున్నర రూపాయలు నలభై రెండు అయ్యేసరికి అక్క కంగారుపడింది. కానీ ఆర్డర్లు తొమ్మిది వచ్చాయి. 5,000ను తొమ్మిదితో భాగిస్తే ఒక్కో ఆర్డరుకు సుమారు 555 రూపాయలు. ఆమె లాభంలో అది ఇమిడే ఖర్చు. ఒక్కో ఆర్డరుకు ఇదే ఖర్చు అనుకున్నా, కొనుగోలునే నేరుగా కోరి వారానికి 50 రాబట్టాలంటే రోజుకు దాదాపు 4,000 పెట్టాల్సి వచ్చేది.

మధ్యలో మూడో రోజున బడ్జెట్‌ను రెట్టింపు చేద్దామని ఆమె అడిగితే వద్దన్నాను. బడ్జెట్ ఒక్కసారిగా బాగా పెంచినా, ప్రేక్షకులను మార్చినా నేర్చుకోవడం మళ్లీ మొదటికి రావచ్చు. వారం రోజులు ముట్టుకోకుండా ఉండటం చాలామందికి కష్టమైన పని, కానీ అవసరం.

సందేశాలు వస్తున్నాయి, జవాబిస్తే ఉలుకూ పలుకూ లేదు

పై పద్ధతిలో మిగిలే ఇబ్బంది ఇది. సంభాషణ మొదలుపెట్టేవారిని తెమ్మన్నాం కాబట్టి, ముందే రాసి ఉన్న సందేశాన్ని ఒక్కసారి నొక్కి మరచిపోయేవారూ వస్తారు. ప్రకటనలోనే 2,800 అని ధర రాశాం. ముందే రాసి ఉండే "వివరాలు కావాలి" అన్న మాటను తీసేసి, "నెమలి దుపట్టా ఉందా, ఏ రంగుల్లో ఉంది?" అని మార్చాం. సందేశాలు కొంత తగ్గాయి, మాట్లాడేవారి శాతం పెరిగింది. అరగంటలో జవాబివ్వడం కూడా ఇందులో భాగమే. మధ్యాహ్నం వచ్చిన సందేశానికి రాత్రి జవాబిస్తే ఏ లక్ష్యమూ ఆదుకోదు.

లైకులు వస్తున్నాయి, విచారణలు లేవు

చాలావరకు పోస్టు కింద ఉన్న Boost బటన్ నొక్కినవారి సమస్య ఇది. అక్కడ ముందే ఎంచి ఉన్న గురిని చూడకుండా ముందుకు వెళితే, స్పందించేవారిని వెతకమని చెప్పినట్టు కావచ్చు. Ads Managerలో కొత్త ప్రచారం పెట్టుకోండి.

ఫారం నింపుతున్నారు, ఫోను చేస్తే "మేం అడగలేదే" అంటున్నారు

కోచింగ్ సెంటర్లవారు ఇది ఎక్కువగా చెబుతారు. Leads లక్ష్యం సరైనదే, ఫారం రకం More volume అయి ఉంటుంది. పేరు, నంబరు దానంతటదే నిండిపోయి రెండు నొక్కులతో పని అయిపోతుంది. Higher intent ఎంచుకుంటే పంపేముందు వివరాలు మరోసారి చూసి నిర్ధారించాలి. ఏ కోర్సు, ఏ ఊరు అని ఒకటి రెండు ప్రశ్నలు కూడా చేర్చండి. ఒక్కో ఫారం ఖర్చు పెరుగుతుంది. అందుకే ఫారం ఖర్చుతో కాక, చేరిన ఒక్కో విద్యార్థికి ఎంత పడిందో లెక్కించి పోల్చుకోండి.