బోర్డు చేయించే ముందు పేరు పరీక్ష: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

దుకాణం పేరులోని లోపం సాధారణంగా బోర్డు ఎక్కాకే బయటపడుతుంది. అప్పటికే యాక్రిలిక్ అక్షరాలకు, కవర్లకు, బిల్లు పుస్తకాలకు డబ్బు అయిపోయి ఉంటుంది. పచ్చళ్లు, పొడులు అమ్మే ఒక చిన్న కొట్టును ఉదాహరణగా తీసుకుందాం. యజమానురాలు మొదట ‘గోదావరి రుచులు’ అనుకున్నారు, తర్వాత ‘ఉట్టి’ వైపు మొగ్గారు అనుకోండి. ఈ పేర్లు పద్ధతి చూపడానికే. వాటిని ఇప్పటికే ఎవరైనా వాడుతున్నారో లేదో ఎవరికి వారు వెతికి చూసుకోవాల్సిందే.

సమస్య: వచ్చినవారికి పేరు గుర్తుండటం లేదు

సరుకు బాగుందంటారు, మళ్లీ వస్తారు. కానీ పక్కింటివారికి చెప్పేటప్పుడు మాత్రం ‘బస్టాండు దగ్గరి పచ్చళ్ల కొట్టు’ అంటారు.

కారణం పేరులోనే ఉంది. ‘గోదావరి’ ప్రాంతాన్ని చెబుతుంది, ‘రుచులు’ సరుకును చెబుతుంది. ఆ రెండు మాటలూ ఆ వీధిలో ఏ కొట్టుకైనా సరిపోతాయి. చట్టం చూపు కూడా ఇదే. సరుకు రకాన్నో, నాణ్యతనో, పుట్టిన చోటునో మాత్రమే చెప్పే మాటలకు 1999 ట్రేడ్‌మార్క్ చట్టంలోని 9వ సెక్షన్ కింద మామూలుగా రిజిస్ట్రేషన్ ఇవ్వరు. చాలాకాలం వాడి, ఆ పేరు వినగానే మీ కొట్టే గుర్తొచ్చే స్థితి వస్తే అది వేరే సంగతి.

పరిష్కారం: సరుకును వర్ణించకుండా దాన్ని తలపుకు తెచ్చే మాట వెతకండి. ‘ఉట్టి’ అలాంటిదే. అది పచ్చడి అని చెప్పదు, వంటింటిని మాత్రం కళ్ల ముందు నిలుపుతుంది. ఆ పేరును మీ వ్యాపారం సంగతి తెలియని నలుగురికి ఫోనులో ఒక్కసారి చెప్పి, మర్నాడు అడగండి. తర్వాత దాన్నే ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసి పంపమనండి. ఒకరు Utti అంటారు, ఇంకొకరు Vutti అంటారు. ఉయ్యూరును Vuyyuru అని రాసే అలవాటు మనకుంది కదా! వచ్చిన స్పెల్లింగులన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. బోర్డు మీదికి వాటిలో ఒక్కటే వెళ్తుంది కానీ, వెతికేటప్పుడు అన్నీ కావాలి.

సమస్య: జీఎస్టీ వచ్చింది, లైసెన్సు వచ్చింది, అయినా లాయరు నోటీసు వచ్చింది

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. జీఎస్టీ నమోదులో వ్యాపార పేరు రాయించుకుంటారు కానీ, అది ఇంకొకరి ట్రేడ్‌మార్కా కాదా అని చూడరు. మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సూ అంతే. కంపెనీగా నమోదు చేసుకున్నంత మాత్రాన కూడా ఆ పేరుతో సరుకు అమ్మే హక్కు ఖాయం కాదు.

ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ వారి ఉచిత వెతుకులాట పేజీ tmrsearch.ipindia.gov.in లో ఉంది. అందులో వెతకాలంటే ముందు తరగతి తెలియాలి, ఎందుకంటే సరుకులనూ సేవలనూ 45 తరగతులుగా విభజించారు. మన ఉదాహరణలో పచ్చళ్లు 29లోకి, మసాలా పొడులు, మిఠాయిలు 30లోకి వస్తాయి. దుకాణం నడపడం 35, తినడానికి కూర్చోబెట్టే హోటలు 43. ఈ కొట్టుకు 29, 30, 35 మూడూ చూడాలి. రేపు టిఫిన్లు మొదలుపెట్టే ఆలోచన ఉంటే 43 కూడా చూడండి.

ముందు Wordmark ఎంచుకుని Contains తో Utti, Vutti వెతకండి. తర్వాత Phonetic ఎంచుకుని మళ్లీ వెతకండి. ఇది చెవికి ఒకేలా వినిపించే పేర్లను తెస్తుంది, కాబట్టి దీన్ని వదిలేయడం ప్రమాదం. దొరికిన ప్రతి దరఖాస్తునూ తెరిచి స్థితి చదవండి. Registered అంటే హక్కు నమోదైంది. Objected అంటే పరీక్షాధికారి అభ్యంతరం చెప్పారని మాత్రమే; దరఖాస్తు ఇంకా బతికే ఉంది. Abandoned, Refused చూసి సంబరపడకండి. దరఖాస్తు పోయినా ఆ మనిషి అదే పేరుతో వ్యాపారం చేస్తూ ఉండవచ్చు. అందుకే ఎప్పటి నుంచి వాడుతున్నామని వారు రాశారో కూడా చూడాలి.

సమస్య: ముందు ‘శ్రీ’ చేర్చాం, ఒక అక్షరం మార్చాం, అయినా ఒప్పుకోవడం లేదు

రెండు పేర్లనూ పక్కపక్కన పెట్టి తేడాలు లెక్కబెట్టడమే ఇక్కడ పొరపాటు. కొనేవారు అలా పోల్చి చూడరు. 1962లో సుప్రీంకోర్టు ‘అమృతధార’, ‘లక్ష్మణధార’ అనే మందుల పేర్ల వివాదంలో ఈ మాటే చెప్పింది: సగటు తెలివి, అరకొర జ్ఞాపకం ఉన్న మామూలు కొనుగోలుదారుకు మొత్తంగా ఏమనిపిస్తుందన్నదే కొలత. ఆ లెక్కన ఆ రెండు పేర్లూ తికమకపెట్టేవేనని తేల్చింది.

అందుకే ‘శ్రీ’, ‘న్యూ’, ‘ఫుడ్స్’ లాంటివి తీసేసి మిగిలిన మాటను బయటికి పలకండి. ‘ఉట్టి’ అనే గుర్తు 29లో ఎవరికైనా ఉంటే ‘శ్రీ ఉట్టి ఫుడ్స్’ మిమ్మల్ని కాపాడదు. ఆ పేరు వదులుకోవడమే మేలు. బోర్డు ఇంకా కట్టలేదు కాబట్టి పోయేది కాస్త సమయమే.

సమస్య: రిజిస్ట్రీలో ఏమీ లేదు, అయినా ఎవరో అడ్డం తిరిగారు

రిజిస్ట్రేషన్ లేకుండా ఏళ్ల తరబడి ఒక పేరుతో వ్యాపారం చేస్తున్నవారికీ హక్కు ఉంటుంది. తిరునెల్వేలి ‘ఇరుట్టుకడై హల్వా’ పేరు మీద నడిచిన కేసులో 2015లో సుప్రీంకోర్టు, ముందు నుంచి వాడుతున్నవారి హక్కు రిజిస్ట్రేషన్ కన్నా బలమైనదని స్పష్టంగా చెప్పింది. ఇలాంటివారు రిజిస్ట్రీ పేజీలో కనబడరు. గూగుల్ మ్యాప్స్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో, తిండి తెచ్చే యాప్‌లలో తెలుగులోనూ, మీ కాగితం మీది ప్రతి స్పెల్లింగుతోనూ వెతకాలి. mca.gov.in లో కంపెనీల పేర్లు చూడాలి. మీ ఊరి హోల్‌సేల్ కిరాణా వారిని, కవర్లు అచ్చువేసే ప్రెస్సు వారిని కూడా అడగండి. చుట్టుపక్కల జిల్లాల ప్యాకెట్ల పేర్లు వారికి తెలిసినంతగా ఏ వెబ్‌సైటుకూ తెలియవు.

నోటీసు ఇప్పటికే చేతిలో ఉంటే పక్కన పడేయకండి. వారి రిజిస్ట్రేషన్ నంబరు, తరగతి, ఎప్పటి నుంచి వాడుతున్నారన్న తేదీ చూసి, మీ తొలి బిల్లు తేదీతో పోల్చండి. వారే ముందైతే, ఉన్న కవర్లు అయిపోయేవరకు గడువు కోరుతూ లాయరు ద్వారా జవాబు ఇప్పించండి.

పేరు నిలిచాక, బోర్డు ఆర్డరు ఇచ్చే ముందు

ట్రేడ్‌మార్క్ దరఖాస్తు పెట్టే రోజున మరోసారి వెతకండి, మధ్యలో కొత్త దరఖాస్తులు వచ్చి ఉండవచ్చు. ఆన్‌లైన్‌లో TM-A అనే ఆ దరఖాస్తు ఫారానికి వ్యక్తులకూ చిన్న సంస్థలకూ ఒక్కో తరగతికి రూ.4,500 రుసుము. డబ్బు ఒక్క తరగతికే ఉంటే ఎక్కువగా అమ్ముడయ్యే సరుకుదే ఎంచుకోండి. పేరు పక్కన ™ వెంటనే పెట్టుకోవచ్చు. ® మాత్రం రిజిస్ట్రేషన్ చేతికి వచ్చాకే పెట్టాలి, ముందే పెడితే చట్టరీత్యా తప్పు.

బోర్డు నమూనాలో జీఎస్టీ నంబరుకు చోటు వదలమని చెప్పండి. నమోదైన వ్యాపారి ప్రవేశద్వారం దగ్గరి బోర్డు మీద ఆ నంబరు ఉండాలని నియమం. కాంపోజిషన్ పథకంలో ఉన్నవారైతే composition taxable person అన్న మాటలు కూడా బోర్డు మీద కనబడాలి. ఇవి మరిచిపోయి, పేరు బాగున్నా బోర్డు మళ్లీ చేయించుకునేవారు ఉన్నారు. కాబట్టి అచ్చుకు ఒప్పుకునే ముందు పేరు స్పెల్లింగును దరఖాస్తు కాగితంతోనూ, జీఎస్టీ నంబరులోని 15 అక్షరాలను జీఎస్టీ నమోదు పత్రంతోనూ ఒక్కొక్కటిగా సరిచూసి సంతకం చేయండి.