ట్రిపుల్ ఈ డిప్లొమా వాళ్లకు: రైస్ మిల్లే మీ ప్రాజెక్టు

ఫైనలియర్ ప్రాజెక్టుకు హైదరాబాద్ నుంచి రెడీమేడ్ కిట్ కొనకండి. ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు. వరంగల్ చుట్టుపక్కల రైస్ మిల్లులు బోలెడు. ఓనర్‌ని అడిగి ఒకదాని పవర్ ఫ్యాక్టర్ లెక్క తీయండి.

ప్యానెల్ మీరు తెరవొద్దు, అక్కడి ఎలక్ట్రీషియన్ అన్నతోనే తెరిపించండి. ఫుల్ లోడ్‌లో ఒకసారి, మోటార్లు ఖాళీగా తిరిగేటప్పుడు ఒకసారి కిలోవాట్లు, ఆంపియర్లు, పవర్ ఫ్యాక్టర్ రాసుకోండి. ఖాళీగా ఉన్నప్పుడు పవర్ ఫ్యాక్టర్ బాగా పడిపోతుంది.

ఉదాహరణకు 415 వోల్టుల మీద లోడ్ 20 కిలోవాట్లు, పవర్ ఫ్యాక్టర్ 0.75 అనుకుందాం. దాన్ని 0.95కి తేవాలంటే కావాల్సిన కెపాసిటర్:

```
20 × (0.882 − 0.329) ≈ 11 kVAr
```

బ్రాకెట్లోవి ఆ రెండు పవర్ ఫ్యాక్టర్ల కోణాల టాన్ విలువలు. ఈ కెపాసిటర్ పెడితే లైన్ కరెంటు 37 ఆంపియర్ల నుంచి 29కి దిగుతుంది. అయితే కెపాసిటర్ మెయిన్ ప్యానెల్ దగ్గరుంటే మోటారుకు వెళ్లే వైరులో కరెంటు తగ్గదు, దానికి ముందున్న లైనులోనే తగ్గుతుంది. చాలామంది తడబడేది ఇక్కడే. మోటార్లు ఆపినా కెపాసిటర్ ఆన్‌లోనే ఉంటే పవర్ ఫ్యాక్టర్ లీడింగ్‌లోకి పోతుందని కూడా రాయండి.

సింగిల్ లైన్ డయాగ్రం, రీడింగుల పట్టిక, మీటర్ ఫొటోలు, ఈ లెక్క కలిపి నాలుగు పేజీల పీడీఎఫ్ చేసి రెజ్యూమేతో పంపండి. మిల్లు పేరు వేసేముందు మాత్రం ఓనర్‌ని అడగండి.